గల్లాపెట్టె ఒకటి, పనిచేసేది ఇద్దరు: భార్యాభర్తల దుకాణంలో జీతం, పెత్తనం, లెక్క

హైదరాబాద్‌లో ఏ కాలనీ మెయిన్ రోడ్డు మీద నడిచినా వరసగా కనిపించే చిన్న షాపుల్లో చాలావాటిని భార్యాభర్తలే నడుపుతుంటారు. కిరాణా, కర్రీ పాయింట్, జిరాక్స్ సెంటర్, టైలరింగ్, బ్లౌజు గుడ్డలమ్మే మ్యాచింగ్ సెంటర్. ఇద్దరూ పొద్దున షట్టర్ ఎత్తుతారు, రాత్రి దించుతారు. ఇంత కష్టపడుతున్నా ఒక ప్రశ్న మాత్రం ఏళ్ల తరబడి తేలకుండా ఉండిపోతుంది. ఈ షాపులో వచ్చే డబ్బు ఎవరిది? ఎవరినడిగినా 'మనదే కదా' అంటారు. మామూలు రోజుల్లో ఆ జవాబు సరిపోతుంది. ఆమె చెల్లెలి పెళ్లికి ఇరవై వేలు పెట్టాలన్నప్పుడో, ఆయన తమ్ముడికి లక్ష సర్దాలన్నప్పుడో సరిపోదు. అప్పటిదాకా మనదైన డబ్బు ఆ రోజు నుంచి 'నా కష్టం', 'నా పెట్టుబడి' అవుతుంది.

ఈ గొడవలకు కారణం సాధారణంగా మనుషుల స్వభావంలో వెతుకుతారు. ఆయన పిసినారి అంటారు, ఆమెకు నోరెక్కువ అంటారు. నిజానికి చాలా ఇళ్లలో తప్పు గల్లాపెట్టె దగ్గరుంది. అందులోకి వచ్చే డబ్బులో మూడు రకాల సొమ్ము కలిసి ఉంటుంది. ఇద్దరూ చేసిన పనికి కూలి, పెట్టిన పెట్టుబడికి వడ్డీ, ఆ రెండూ పోగా మిగిలే అసలైన లాభం. ఈ మూడింటినీ విడదీయకుండా, అవసరం వచ్చినప్పుడల్లా చేతికొచ్చింది తీసి వాడుకుంటే, ఎవరికెంత చెందుతుందో చెప్పడానికి ఆధారమే ఉండదు. ఆధారం లేనిచోట వాదన మొదలవుతుంది.

ఒక మ్యాచింగ్ సెంటర్‌ను తీసుకుని ఈ సంగతి వివరంగా చూద్దాం. చైతన్యపురి వైపు ఒక మడిగె అనుకుందాం. టూ బై టూ, రా సిల్క్, బ్రోకేడ్ తానులు, లైనింగు, ఫాల్స్, లేసులు. భార్య కౌంటర్‌లో, భర్త కొనుగోళ్లు, బిల్లింగు. సహాయానికి ఒక అమ్మాయి. ఇది లెక్క కోసం అనుకున్న షాపే అయినా ఇలాంటివి దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా ఎక్కడ చూసినా ఉన్నాయి.

రాత్రి తొమ్మిదిన్నర. షట్టర్ సగం దించి ఉంది. ఆయన నోట్లు లెక్కపెడుతున్నాడు.

"గల్లాలకెళ్లి రెండు వేలు తక్కువొస్తున్నయి. నువ్వేమన్నా తీసినవా?"

"పిల్లగాని ట్యూషన్ ఫీజు పదిహేను వందలు ఇచ్చిన. కూరగాయలు తెచ్చిన. పొద్దుగాల మీరు చిట్టీకి ఐదు వేలు తీసుకపోయిన్రు, అది రాసిన్రా మరి?"

"అది షాపు చిట్టీ."

ఈ నాలుగు మాటల్లో సమస్య మొత్తం ఉంది. ఆయన తీసింది షాపు ఖర్చు, ఆమె తీసింది ఇంటి ఖర్చు. ఆయన బండి పెట్రోలు, మార్కెట్‌కు పోయినప్పుడు తిన్న భోజనం, తోటి వ్యాపారులతో తాగిన చాయ్ అన్నీ వ్యాపారం కిందికి వస్తాయి. ఆమె తెచ్చిన కూరగాయలు, కట్టిన ఫీజు 'ఆమె తీసిన డబ్బు' కిందికి వస్తాయి, ఆ కూర తినేది, ఆ పిల్లాడి చదువు చూసుకునేది ఇద్దరూ అయినా సరే. ఏడాది చివర 'ఇంట్లో ఖర్చులెక్కువైనయి, అందుకే మిగలలేదు' అని తీర్పు వస్తుంది. చిట్టీ పాట పాడి ఎత్తిన డబ్బు దేనికి పోయిందో అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

మొదటి మార్పు ఇక్కడే కావాలి. గల్లాలోంచి ఎవరు ఏ పనికి రూపాయి తీసినా చీటీ రాసి పెట్టెలో వేయాలి. చీటీ మీద తేదీ, మొత్తం, పని, తీసినవాళ్ల పొడి అక్షరం ఉంటే చాలు. రాత్రి లెక్క చూసేటప్పుడు ఆ రోజు అమ్మకంలో ఫోన్ ద్వారా వచ్చింది, ఉద్దెర ఇచ్చింది పోగా మిగిలిన నగదు అమ్మకానికి పొద్దున పెట్టిన చిల్లర కలిపి, చీటీల మొత్తం తీసేస్తే పెట్టెలో ఉన్న నగదుతో సరిపోవాలి. యాభై, వంద తేడా రావడం మామూలే. వరసగా ప్రతి వారం వెయ్యి దాకా తేడా వస్తోందంటే మాత్రం ఎవరో చీటీ రాయడం మానేశారని అర్థం. అలాంటప్పుడు 'ఎవరు తీశారు' అని అడిగితే ఇంకో గొడవ మొదలవుతుంది, 'ఏ ఖర్చుకు చీటీ లేదు' అని వెతికితే లెక్క దొరుకుతుంది.

ఇప్పుడు గల్లాపెట్టె కంటే పెద్ద పెట్టె ఒకటుంది. అది కౌంటర్ మీది క్యూఆర్ కోడ్. చిన్న షాపుల్లో కూడా అమ్మకంలో పెద్ద భాగం యూపీఐలోనే వస్తోంది. ఆ కోడ్ చాలాచోట్ల భర్త బ్యాంకు ఖాతాకే ఉంటుంది. ఎంత వచ్చిందో సౌండ్‌బాక్స్ అరిచి చెబుతుంది, ఆమె వింటుంది, గుడ్డ కట్ చేసి ఇస్తుంది. సాయంత్రానికి ఆ ఖాతాలో ఎంత ఉందో, అందులోంచి ఎవరికి పోయిందో ఆమెకు తెలియదు. నోట్ల రోజుల్లో కనీసం పెట్టె తెరిస్తే కంటికి కనిపించేది. కాబట్టి షాపుకు విడిగా కరెంట్ ఖాతా తెరిచి, కోడ్ దానికే పెట్టి, లావాదేవీలు ఇద్దరి ఫోన్లలోనూ కనబడే ఏర్పాటు చేసుకోవడం జీతాల మాటకన్నా ముందు జరగాలి. రెండో ఫోన్‌లో చూసే సౌకర్యం వ్యాపారుల పేమెంట్ యాప్‌లలో ఉంటోంది. కనీసం నెల స్టేట్‌మెంట్ ప్రింటు తీసి లెక్క పుస్తకంలో పెట్టినా మేలే.

అరవై రెండు వేలు లాభమేనా?

అనుకున్న షాపులో ఒక మామూలు నెల అమ్మకం 3,60,000 రూపాయలు. అమ్మిన సరుకు కొన్న ధర 2,52,000. అంటే మార్జిన్ 1,08,000. ఇందులోంచి అద్దె 25,000, సహాయానికున్న అమ్మాయి జీతం 12,000, కరెంటు, ఇంటర్నెట్ 4,000, ఆటో, కవర్లు, చాయ్ వగైరా 5,000. మొత్తం ఖర్చు 46,000. మిగిలింది 62,000.

ఈ 62,000నే చాలామంది లాభం అంటారు. పొరపాటు అక్కడే మొదలవుతుంది. ఇద్దరు పెద్దవాళ్లు నెలంతా నిలబడి చేసిన పనికి ఇందులో ఒక్క రూపాయి కూడా పక్కన పెట్టలేదు. కేంద్ర ప్రభుత్వ కార్మిక సర్వేలో స్వయం ఉపాధి కింద ఒక విభాగం ఉంటుంది. ఇంటి వ్యాపారంలో పనిచేస్తూ, ప్రతిగా జీతమంటూ ఏమీ తీసుకోని సహాయకులు అందులోకి వస్తారు. రోజుకు ఏడెనిమిది గంటలు కౌంటర్‌లో నిలబడే భార్య సర్వే కాగితం మీద కూడా ఇలా 'సహాయకురాలు'గానే మిగిలిపోవచ్చు.

కాబట్టి ముందు జీతాలు. ఎంత? ఆ మనిషి రేపటి నుంచి రాకపోతే, అదే పని చేయడానికి బయట నుంచి తెచ్చుకునే మనిషికి ఎంత ఇవ్వాల్సి వస్తుందో అంత. ఇంతకన్నా న్యాయమైన కొలత దొరకడం కష్టం. ఎవరు ఎక్కువ చదివారు, ఎవరి తాత డబ్బుతో షాపు పెట్టారు అన్నవి జీతం లెక్కలోకి రాకూడదు. కొనుగోళ్లు, బిల్లింగు చూసుకునే నమ్మకమైన మనిషికి ఈ షాపు స్థాయిలో 20,000 ఇవ్వాలనుకుందాం. కౌంటర్ పనికి ఎంత?

ఇక్కడ ఆగి ఆలోచించాలి, ఎందుకంటే తక్కువ కట్టేది ఎప్పుడూ ఈ పనికే. 'గుడ్డ చింపి ఇవ్వడమే కదా' అనిపిస్తుంది. కస్టమర్ చీర అంచు తెచ్చి కౌంటర్ మీద పరిస్తే, ట్యూబ్‌లైటు కింద రామా గ్రీన్‌లా కనిపించిన రంగు గుమ్మం దగ్గర పగటి వెలుతురులో నెమలికంఠంగా తేలుతుంది. అందుకే అనుభవమున్న మనిషి చీరను, తానును రెండింటినీ గుమ్మం దాకా తీసుకెళ్లి చూపిస్తుంది. వంకాయ రంగులో నాలుగు ఛాయల్లో ఏది ఆ జరీకి నప్పుతుందో, ఈ గుడ్డకు లైనింగు కావాలా వద్దా, ఉతికితే రంగు దిగుతుందా, ఆమె కొలతకు ఎనభై సెంటీమీటర్లు సరిపోతుందా, మీటరు కావాలా అన్నది అక్కడికక్కడే చెప్పాలి. ఒక్కసారి రంగు తేడా కొట్టినా ఆ కస్టమర్ మళ్లీ రాదు. ఈ పని చేయగల సీనియర్ సేల్స్ మనిషికి ఎంతివ్వాలో పక్క వీధిలో ఇద్దరు షాపు వాళ్లను అడిగితే తెలుస్తుంది. మన లెక్కలో 16,000 అనుకుందాం. ఆమె మధ్యాహ్నం ఇంటికెళ్లి రెండు గంటలు ఉండి వస్తుంది కాబట్టి ఈ తేడా గంటల తేడా అని ఇద్దరికీ స్పష్టంగా ఉండాలి. ఆ రెండు గంటల్లో ఆమె చేసే వంట, పిల్లల పని షాపు ఖాతాలోకి రాకపోయినా, అది ఖాళీ సమయం కాదన్న సంగతి ఇంటి లెక్కలో కనిపించాలి. వంటకో, అంట్లకో మనిషిని పెట్టుకుంటే ఆ జీతం ఉమ్మడి ఇంటి ఖర్చులోంచి పోవాలి, ఆమె జీతంలోంచి కాదు.

రెండు జీతాలు కలిపి 36,000. 62,000లోంచి తీసేస్తే 26,000.

తర్వాత పెట్టుబడి. షాపు పెట్టినప్పుడు ఆయన 4 లక్షలు తెచ్చాడు. ఆమె బంగారం అమ్మితే 2 లక్షలు వచ్చాయి. ఈ బంగారం మాట రాయకుండా వదిలేసిన ఇళ్లలో పదేళ్ల తర్వాత కూడా అది మంటలా రేగుతూనే ఉంటుంది. నూటికి రూపాయి వడ్డీ అనుకుంటే నెలకు ఆయనకు 4,000, ఆమెకు 2,000. అంటే ఏడాదికి 12 శాతం. పార్ట్‌నర్‌షిప్ సంస్థ తన పార్ట్‌నర్ల పెట్టుబడికి ఇచ్చే వడ్డీని ఆదాయపు పన్ను చట్టం ఖర్చుగా ఒప్పుకునే గరిష్ఠ రేటు కూడా ఇదే. రెండు మూడు రూపాయల వడ్డీ పెట్టుకుంటే జీతం తీసుకునేవాళ్ల కంటే డబ్బు పెట్టినవాళ్లకే అంతా పోతుంది, అది మళ్లీ తగువుకు దారి.

వడ్డీ పోగా 20,000. ఇందులో 8,000 రిజర్వు. మిగిలిన 12,000 పంచుకునే లాభం, చెరి సగం. మొత్తంగా ఆయన చేతికి 20,000, 4,000, 6,000 కలిపి 30,000. ఆమె చేతికి 16,000, 2,000, 6,000 కలిపి 24,000. ఇంటి ఖర్చు నెలకు 36,000 అనుకుంటే సంపాదన నిష్పత్తిలో ఆయన 20,000, ఆమె 16,000 వేస్తారు. ఆయన దగ్గర 10,000, ఆమె దగ్గర 8,000 సొంతానికి మిగులుతాయి. చెల్లెలి పెళ్లి చదివింపులైనా, స్నేహితుడి చేబదులైనా ఇక అందులోంచే. దానికి ఇంకొకరి అనుమతి అక్కర్లేదు, సంజాయిషీ అక్కర్లేదు. మొత్తం ఏర్పాటులో టెన్షన్ తగ్గించేది ఎక్కువగా ఈ చివరి మొత్తమే.

రిజర్వు ఎందుకన్నది ఆషాఢం వస్తే తెలుస్తుంది. బోనాల వల్ల జంటనగరాల్లో ఆ నెలలో కొంత గిరాకీ ఉన్నా పెళ్లి కొనుగోళ్లు ఆగిపోతాయి. భాద్రపదం, పుష్యం కూడా ముహూర్తాల్లేని నెలలే. భాద్రపదం చివర ఎంగిలిపూల బతుకమ్మ దగ్గరకొస్తే గానీ ఊపు రాదు. అలాంటి నెలలో అమ్మకం 2,20,000కు పడిపోయిందనుకుందాం. అదే మార్జిన్‌తో 66,000 వస్తుంది. ఖర్చులు మాత్రం 46,000 అలాగే ఉంటాయి. మిగిలేది 20,000. జీతాలే 36,000 కాబట్టి 16,000 లోటు. ఆ నెల వడ్డీ ఉండదు, లాభం వాటా ఉండదు, జీతాల లోటు రిజర్వులోంచి తీస్తారు. ఇలాంటివి మూడు నెలలైతే 48,000. మిగతా తొమ్మిది నెలల్లో దాచింది 72,000. ఇంకా 24,000 మిగిలి శ్రావణమాసపు సరుకు అడ్వాన్స్‌కు పనికొస్తుంది. ఈ దాపు లేని షాపుల్లో డల్ నెలలో జరిగేదేమిటంటే, ఆమె జీతం ఆపేస్తారు. 'ఈ నెల నీది తర్వాత చూద్దాంలే' అంటారు. ఆ తర్వాత మరి రాదు. రిజర్వు కూడా అయిపోతే ఇద్దరి జీతాలూ ఒకే నిష్పత్తిలో తగ్గించాలి, తగ్గించిన మొత్తాన్ని బాకీగా రాసుకోవాలి.

ఏం కొనాలి, ఎంతకు కొనాలి

పనుల పంపకం గురించి మాట్లాడేటప్పుడు 'నేను బయట, నువ్వు లోపల' అన్న విభజన చాలా షాపుల్లో దానంతటదే ఏర్పడుతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ మ్యాచింగ్ వ్యాపారంలో ఇది సరుకును ముంచుతుంది. మదీనా, పత్తర్‌గట్టి హోల్‌సేల్ దుకాణాలకో, సికింద్రాబాద్ జనరల్ బజార్‌కో వెళ్లి తానులు ఎంచేది భర్త. ఏ రంగు అడిగి లేదని వెనక్కి పోయారో తెలిసింది భార్యకు. హోల్‌సేల్ వ్యాపారి 'ఇది సూరత్ నుంచి కొత్తగా దిగింది, పది తానులు తీసుకుంటే రేటు తగ్గిస్తా' అంటాడు. రేటు నిజంగానే తక్కువ. ఆయన సంతోషంగా తెస్తాడు. ఆమె చూసి మొహం చిట్లిస్తుంది. ఆరు నెలలకు ఆ పది తానుల్లో ఏడు అలాగే అరలో ఉంటాయి. 'నీకు అమ్మడం రాలేదు', 'మీకు కొనడం రాలేదు' అని ఇద్దరూ ఒకరినొకరు అంటుంటే, తాను మడతలు మాత్రం రంగు వెలిసి గీతలు పడుతుంటాయి.

పనిని లోపల, బయట అని కాకుండా నిర్ణయం ప్రకారం చీలిస్తే ఈ చిక్కు విడిపోతుంది. ఏం కొనాలన్నది కౌంటర్‌లో ఉన్నవాళ్లు చెప్పాలి. ఎంతకు, ఎన్ని రోజుల ఉద్దెరకు, ఎవరి దగ్గర కొనాలన్నది మార్కెట్‌కు వెళ్లేవాళ్లు తేల్చాలి. దీనికి కౌంటర్ మీద ఒక చిన్న పుస్తకం కావాలి. అయిపోయిన రంగు, అడిగి లేదన్న రంగు రెండూ అందులో రాయాలి. రెండోది ముఖ్యం, ఎందుకంటే అయిపోయింది అరలో ఖాళీగా కనబడుతుంది, అడిగి దొరక్క వెళ్లిపోయింది ఎక్కడా కనబడదు. లిస్టులో లేని కొత్త రకం తేవాలనిపిస్తే మొదటిసారి రెండు తానులకు మించకూడదని హద్దు పెట్టుకుంటే, మార్కెట్‌కు వెళ్లే మనిషి చొరవ చావదు, షాపు మునగదు. ప్రతి తాను చివర కొన్న నెల రాసిన చీటీ పిన్ను చేస్తే ఆరు నెలలు దాటినవి ఏవో ఎవరి మీదా నింద లేకుండా తెలుస్తాయి. వాటిని కొన్న ధరకో, అంతకు తక్కువకో కట్ పీసులుగా తీసేయాలి. ఏ తాను ఎవరి లిస్టులో వచ్చిందో పుస్తకంలో ఉంటుంది కాబట్టి మరుసటి సీజన్‌కు ఎవరి అంచనా ఎక్కడ తప్పిందో ఇద్దరికీ తెలుస్తుంది.

రేటు విషయంలో ఒకటే నియమం సరిపోతుంది. కస్టమర్ ముందు ఒకరు చెప్పిన ధరను ఇంకొకరు మార్చకూడదు. బేరమాడేవాళ్లకు కిటుకు తెలుసు. ఆమె తగ్గించనంటే ఆయన వైపు తిరిగి 'అన్నా, నువ్వు చెప్పు' అంటారు. ఆయన నవ్వి ఇరవై తగ్గిస్తాడు. ఇరవై రూపాయలు పోవడం చిన్న సంగతి. ఆ రోజు నుంచి ఆ కౌంటర్‌లో ఆమె మాటకు విలువ పోతుంది, కస్టమర్ దగ్గరా, సహాయానికున్న అమ్మాయి దగ్గరా.

ఇద్దరి ఓట్లు సమానమైతే

పెద్ద నిర్ణయాల సంగతి వేరు. రోజువారీ పనుల్లో ఎవరి విభాగంలో వాళ్లదే చివరి మాట అనుకోవచ్చు. మన షాపు స్థాయిలో పది వేల లోపు ఖర్చును విభాగం చూసేవాళ్లు ఇంకొకరిని అడక్కుండా చేయొచ్చని, అది దాటితే ఇద్దరూ ఒప్పుకోవాలని హద్దు పెట్టుకుంటే సరిపోతుంది. మొత్తం ఎంతైనా ఇద్దరి సరే లేకుండా చేయకూడనివి కొన్ని ఉంటాయి. షాపు పేరు మీద అప్పు, మడిగె అగ్రిమెంటు, రెండో బ్రాంచి, ఇంకొకరి చిట్టీకి షూరిటీ సంతకం, బంధువును పనిలో పెట్టుకోవడం, బంధువుకు ఉద్దెర.

బంధువుల ఉద్దెర దగ్గర ఇళ్లు ఎక్కువగా చెడతాయి కాబట్టి దానికో ప్రత్యేక పద్ధతి కావాలి. ఆడపడుచు వచ్చి పది బ్లౌజు ముక్కలు తీసుకుని 'తమ్ముడికి చెబుతాలే' అంటుంది. డబ్బు అడగడం మరదలి పని అవుతుంది, అడిగితే చెడ్డపేరు ఆమెదే. అటు పుట్టింటివాళ్లు వచ్చినప్పుడు ఇదే ఇబ్బంది ఆయనకు. ఎవరి తరఫు బంధువైతే వాళ్లే అడిగి వసూలు చేయాలి. నెలాఖరుకు రాకపోతే ఆ మొత్తం వాళ్ల జీతంలోంచి తగ్గాలి. పెట్టుపోతగా ఇవ్వాలనుకుంటే తమ చేతి డబ్బుతో ఇవ్వచ్చు. ఈ నియమం పెట్టాక అడగడానికి మొహమాటపడే మనిషి కూడా గట్టిగా అడుగుతాడు.

ఇద్దరికీ కుదరకపోతే? చట్టం ఇక్కడ సాయం చేయదు. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం ప్రకారం మామూలు వ్యాపార విషయాల్లో పార్ట్‌నర్ల మధ్య అభిప్రాయ భేదం వస్తే మెజారిటీ మాట చెల్లుతుంది. ఇద్దరే ఉన్నచోట మెజారిటీ అనేదే లేదు. అందుకే ముందుగా రాసుకోవాలి. డబ్బు బయటికి పోయే విషయమైతే వద్దన్నవాళ్ల మాట నెగ్గాలి. షాపు నడిపే తీరు గురించైతే ఒక వారం ఆగి, అప్పటికీ తేలకపోతే ఆ విభాగం చూసేవాళ్ల మాట చెల్లాలి. ఆ వారం కూడా షాపులో, పిల్లల ముందు ఆ మాట ఎత్తకూడదు. మ్యాచింగ్ సెంటర్లకు ఆదివారం గిరాకీ రోజు కాబట్టి లెక్కలు, మాటలు మంగళవారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య పెట్టుకోవడం వీలు. రాత్రి తొమ్మిదిన్నరకు అలసిపోయి, ఆకలితో ఉన్నప్పుడు మొదలైన లెక్క ఎప్పుడూ లెక్కగా ముగియదు.

అదే చట్టంలో ఇంకో రెండు సంగతులు భార్యాభర్తలు తెలుసుకోవాలి. ఒప్పందంలో రాసుకోకపోతే ఏ పార్ట్‌నర్‌కూ చేసిన పనికి జీతం అడిగే హక్కు లేదు. లాభనష్టాల వాటా రాసుకోకపోతే చెరి సమానం. అంటే ఒకరు రోజంతా షాపులో ఉండి, ఇంకొకరు వారానికోసారి వచ్చినా, కాగితం మౌనంగా ఉంటే ఇద్దరికీ సగం సగమే. కాబట్టి పార్ట్‌నర్‌షిప్ డీడ్ రాయించేటప్పుడు జీతం ఎంత, వడ్డీ ఎంత, వాటా ఎంత అని మూడు వేర్వేరు వాక్యాలు ఉండేలా చూసుకోవాలి. ఇంట్లోవాళ్లమే కదా అని స్టాంపు పేపరు మీద సగం సగం అని ఒక్క ముక్క రాయిస్తే ఈ కథంతా మళ్లీ మొదటికొస్తుంది. పార్ట్‌నర్‌షిప్ అప్పులకు ఇద్దరూ పూర్తిగా బాధ్యులవుతారన్నది కూడా గుర్తుంచుకుని సంతకం పెట్టాలి. ఆయన ఒక్కడే తెచ్చిన సరుకు బాకీ అయినా, అది సంస్థ బాకీ అయితే హోల్‌సేల్ వ్యాపారి ఆమెను కూడా అడగొచ్చు.

చాలా చిన్న షాపులు పార్ట్‌నర్‌షిప్ కావు, ఒకరి పేరు మీదే ఉంటాయి. అక్కడ ఇంకో చిక్కు వస్తుంది. భర్త పేరు మీదున్న షాపులోంచి భార్యకు జీతం ఇస్తే, పన్ను లెక్కలో ఆ జీతాన్ని సాధారణంగా భర్త ఆదాయానికే కలుపుతారు. భార్య పేరు మీద షాపు ఉండి భర్త జీతం తీసుకున్నా అంతే. ఆ జీతం కేవలం అది తీసుకునే మనిషికున్న సాంకేతిక లేదా వృత్తి అర్హత వల్లే వచ్చిందని చూపగలిగితే మినహాయింపు ఉంది. ఆ అర్హతకు డిగ్రీ సర్టిఫికెట్టే ఉండాలని లేదని, అనుభవంతో వచ్చిన నైపుణ్యమూ లెక్కకొస్తుందని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1985లో ఒక కేసులో చెప్పింది. అయితే దాన్ని నిరూపించుకోవడం తేలిక కాదు. పని విలువకు మించి జీతం చూపిస్తే ఎక్కువైన భాగాన్ని ఖర్చుగా ఒప్పుకోకపోవచ్చు కూడా. పార్ట్‌నర్‌షిప్ పెడితే సంస్థకు విడిగా 30 శాతం పన్ను రేటు ఉంటుంది, జీతాలు, వడ్డీ ఎంతవరకు ఖర్చుగా చూపొచ్చో పరిమితులుంటాయి. ఏది మేలో షాపు అమ్మకం చూసి సీఏ చెప్పాల్సిన మాట.

ఈ పన్ను మాట విని చాలామంది 'ఎలాగూ నా ఆదాయంలోనే కలుపుతారు, ఇక ఆమెకు జీతమెందుకు' అని ఆపేస్తారు. రెండు వేర్వేరు విషయాలను కలపడం వల్ల వచ్చే తప్పిది. పన్ను ఎవరి లెక్కలో కట్టినా, నెల మొదటి వారంలో 16,000 ఆమె ఖాతాలో పడితే ఆ డబ్బు ఆమెది. ఆమె పేరున పొదుపు జరుగుతుంది, ఖాతాకు ఒక చరిత్ర ఏర్పడుతుంది. ఆయనకు ఒంట్లో బాగోలేక ఆసుపత్రిలో ఉన్న రోజున ఆయన ఫోన్ లాక్ తెలియక ఇల్లంతా ఆగిపోయే పరిస్థితి రాదు.

లెక్క ఎప్పుడూ కోరుకున్న జవాబే ఇస్తుందని కాదు. ఇద్దరి జీతాలూ రాసి చూశాక, మామూలు నెలలో కూడా ఆ మొత్తం రాని షాపులు ఉంటాయి. మార్జిన్ 70,000, ఖర్చులు 46,000 అయితే మిగిలేది 24,000. ఇద్దరు మనుషులు పూర్తిగా పనిచేసి ఒక మనిషి జీతం కంటే కాస్తంతే ఎక్కువ తెస్తున్నారన్నమాట. అప్పటిదాకా 'నీ ఖర్చుల వల్లే', 'మీ చిట్టీల వల్లే' అనుకున్న కొరత నిజానికి షాపు సైజుదని అప్పుడు తేలుతుంది. అలాంటి షాపులో ఒకరు కొన్నాళ్లు బయట ఉద్యోగం చూసుకుని, సాయంత్రాలు, పెళ్లిళ్ల సీజన్‌లో మాత్రం కౌంటర్‌కు రావడం మేలు. ఎవరు వెళ్లాలన్నది కూడా అలవాటు ప్రకారం కాకుండా లెక్క ప్రకారమే చూడాలి. కౌంటర్ దగ్గర కస్టమర్లు ఎవరి కోసం వస్తున్నారో వాళ్లు ఉండాలి. మ్యాచింగ్ సెంటర్‌లో చాలాసార్లు ఆ మనిషి భార్యే అవుతుంది. అప్పుడు భర్త ఉద్యోగానికి వెళ్లి, వారానికో పూట మార్కెట్ పని చూసుకోవాలి. చుట్టాలు ఏమనుకుంటారోనని దీన్ని తిరగేసే ఇళ్లలో షాపు గిరాకీ రెండు మూడు నెలల్లోనే పడిపోవడం మొదలవుతుంది, కౌంటర్ పుస్తకంలో 'అడిగి లేదన్న' పేజీలు నిండడం ఆగిపోతుంది. ఎందుకంటే ఆ రంగులు అడిగే కస్టమర్లు రావడమే మానేస్తారు.

ఏర్పాటును ఏడాదికోసారి తిరగరాయాలి. మార్చి లెక్కలు మూసి, ఏప్రిల్‌లో కొత్త పుస్తకం తెరిచేటప్పుడు వీలుగా ఉంటుంది. మడిగె అద్దె పెరిగి ఉంటుంది, సహాయానికున్న అమ్మాయి జీతం పెరిగి ఉంటుంది. ఆ అమ్మాయికి వెయ్యి పెంచి, కౌంటర్‌లో ఉన్న భార్య జీతం నాలుగేళ్ల కిందటి అంకె దగ్గరే ఉంచితే, చీటీలు, పుస్తకాలు అన్నీ సరిగా ఉన్నా ఏర్పాటు లోపల నుంచి పుచ్చిపోతుంది. ఎవరైనా మానేయాలనుకుంటే, జబ్బు పడితే, కాన్పుకు వెళితే ఏం చేయాలో కూడా అదే రోజు రాసుకోవాలి. మూడు నెలల దాకా సగం జీతం కొనసాగుతుందని, బదులుగా పెట్టుకున్న మనిషి ఖర్చు రిజర్వులోంచి అని, పెట్టుబడి వడ్డీ మాత్రం ఆగదని. పూర్తిగా తప్పుకుంటే వాళ్ల పెట్టుబడిని ఎన్ని వాయిదాల్లో తిరిగివ్వాలో కూడా. ఆ కాగితం రెండు కాపీలు తీసి, ఒకటి షాపు ఫైల్‌లో, ఇంకొకటి ఆమె దగ్గర ఉండాలి.